పండగ దాటాక చేరిన అత్తిరసాలు: ఇంటి వంటల బిజినెస్ సారీ పోస్ట్ ఎలా రాయాలి?

ఈ రోజు ఎపిసోడ్ ఇంట్లో పిండివంటలు చేసి వాట్సాప్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో ఆర్డర్లు తీసుకునే వాళ్ల కోసం. మీ అమ్మో, అక్కో, అత్తో ఇలాంటి పని చేస్తూ ఉంటే, ఫోన్ చూసుకునేది మీరే అయితే, ఇది మీకే.

పండగ ఆర్డర్ లేటయింది. కస్టమర్లు కోపంగా ఉన్నారు. ఏదో ఒకటి పోస్ట్ పెట్టాలి. చాలామంది అప్పుడు ఇలా రాస్తారు: "ప్రియమైన కస్టమర్లకు, అనివార్య కారణాల వల్ల మీ ఆర్డర్లు ఆలస్యమయ్యాయి. జరిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము. మీ సహకారం ఇలాగే కొనసాగాలని కోరుకుంటున్నాము. నెక్స్ట్ ఆర్డర్ మీద పది శాతం డిస్కౌంట్." కింద రెండు చేతులు జోడించిన ఎమోజీ.

ఇందులో ఒక్క మాట కూడా తప్పు కాదు. కానీ కుప్పంలో కూర్చుని ఇది చదివిన అక్కకి కావలసింది ఒక్కటి కూడా ఇందులో లేదు. ఆమె అడుగుతున్నవి మూడే. నా డబ్బా ఎక్కడుంది? నా డబ్బులు ఏమవుతాయి? ఎప్పటికి? సారీ అనే మాట ఈ మూడింటి తర్వాత వస్తేనే పని చేస్తుంది. ముందొస్తే తప్పించుకోవడానికి చెప్పినట్టు ఉంటుంది.

దీన్ని గాల్లో చెప్తే అర్థం కాదు, ఒక కేసు అనుకుందాం. ఇది నేను కల్పించిన లెక్క, ఏ ఒక్కరి కథా కాదు. మదనపల్లెలో ఒకామె ఇంట్లో సంక్రాంతి డబ్బాలు చేస్తుంది. డబ్బాలో కిలో అత్తిరసాలు, అరకిలో నిప్పట్లు, పది ఓళిగలు. కోస్తా వైపు వాళ్లకి చెప్పాలంటే అరిసెలు, చెక్కలు, బొబ్బట్లు. డబ్బా 900 రూపాయలు, డబ్బులు ముందే యూపీఐలో తీసుకుంది. మొత్తం 48 ఆర్డర్లు: మదనపల్లెలో 22, పుంగనూరులో 14, కుప్పంలో 12. భోగి బుధవారం. మంగళవారం సాయంత్రానికల్లా అందరి చేతికీ డబ్బా అందుతుందని చెప్పింది.

ఎక్కడ తప్పింది? అత్తిరసాల పిండి పొడి పిండి కాదు. బియ్యం నానబెట్టి, వడగట్టి, నీడలో గుడ్డ మీద ఆరబోసి, ఇంకా తడి ఉండగానే పట్టించాలి. ఆ తడి పిండినే బెల్లం పాకంలో కలపాలి. ఆదివారం బియ్యం తడిగా సిద్ధంగా ఉన్నాయి, మిల్లులో కరెంటు పోయింది, రాత్రి దాకా రాలేదు. సోమవారం పొద్దున చూస్తే బియ్యం పులిసిన వాసన. మళ్లీ నానబెట్టాలి. అంటే ఒక రోజు పోయింది. ఇందులో షార్ట్‌కట్ లేదు. దుకాణంలో దొరికే పొడి బియ్యప్పిండితో చేస్తే గట్టిగా వస్తాయి, నూనెలో విరిగిపోతాయి కూడా.

ఆ ఒక్క రోజు ఆలస్యం మూడు ఊళ్లలో మూడు రకాలుగా పడింది. మదనపల్లె వాళ్లకి స్కూటర్ మీద బుధవారం మధ్యాహ్నం అందాయి. పుంగనూరుకి గురువారం, అంటే సంక్రాంతి రోజు మధ్యాహ్నం, పూజలు అయిపోయాక వెళ్లాయి. కుప్పం దూరం. పుంగనూరు, పలమనేరు, వి.కోట మీదుగా పోవాలి, కాబట్టి కొరియర్‌లో వేయాల్సిందే. పండగ సెలవుల్లో బుకింగ్ ఆగింది. డబ్బాలు కనుమ కూడా దాటాక శనివారం చేరాయి.

ఇప్పుడు మొదటి విషయం గమనించండి. లేటవుతుందని ఆమెకి ఎప్పుడు తెలిసింది? సోమవారం పొద్దున. కస్టమర్లకి ఎప్పుడు తెలిసింది? డబ్బా రాకపోయాక. ఆ మధ్యలో ఉన్న రెండు రోజులే అసలు నష్టం. సోమవారం పొద్దున్నే కుప్పం వాళ్లకి చెప్పి ఉంటే వాళ్లు అక్కడే స్వీట్ షాపులో కొనుక్కునేవాళ్లు, లేదా పక్కింటామెతో కలిసి నాలుగు చేసుకునేవాళ్లు. కొత్త అల్లుడు పండక్కి వచ్చిన ఇంట్లో ఖాళీ పళ్లెం ఉండేది కాదు.

కాబట్టి సారీ పోస్ట్ కంటే ముందు ఒక మెసేజ్ ఉంది. అది చిన్నది, అలంకారం లేనిది, అనుమానం వచ్చిన గంటలోనే వెళ్లాల్సినది. ఇలా: "అక్కా, పిండి పాడైంది, మళ్లీ చేస్తున్నాం. కుప్పానికి మీ డబ్బా భోగికి రాదు. వేరే చోట తీసుకోండి, మీ 900 ఈ రోజే వెనక్కి పంపుతా. పండగ తర్వాత వచ్చినా పరవాలేదంటే చెప్పండి, పంపిస్తా." అంతే. చాలామంది ఎందుకు పంపరంటే, ఎలాగోలా సర్దేస్తాం అన్న ఆశతో. ఆ ఆశ ఖర్చు మోసేది మాత్రం కస్టమర్.

మన కేసులో ఆ మెసేజ్ వెళ్లలేదు అనుకుందాం. శనివారం వచ్చేసింది. ఇప్పుడేం చేయాలి?

అందరికీ ఒకటే సారీ చెప్పడం రెండో పొరపాటు. మదనపల్లె వాళ్లు ఒక పూట ఆలస్యంగా అయినా పండక్కి తిన్నారు. పుంగనూరు వాళ్లకి పూజలో పెట్టడానికి లేవు, సాయంత్రం చుట్టాలకి పెట్టడానికి ఉన్నాయి. కుప్పం వాళ్లకి పండగ పోయింది. పైగా వాళ్ల డబ్బాలో ఇంకో సమస్య ఉంది. అత్తిరసాలు, నిప్పట్లు గాలి తగలకుండా పెడితే రోజుల తరబడి ఉంటాయి. ఓళిగలు అలా కాదు. లోపల ఉడికించిన శనగపప్పు పూర్ణం, తడి ఉంటుంది. బుధవారం చేసిన ఓళిగలు మూడు రోజులు పార్సిల్‌లో మూసి ఉండి శనివారం చేరితే అవి తినొద్దనే చెప్పాలి. సారీ పోస్ట్‌లో ఇది చెప్పకపోతే, లేటు డెలివరీ కాస్తా కడుపునొప్పి కేసవుతుంది.

అందుకే పోస్ట్ రాయకముందు కాగితం మీద మూడు గీతలు గీయండి. ఎవరికి ఎంత నష్టం, ఎవరికి ఎంత వెనక్కి. మన కేసులో ఇలా ఉందనుకుందాం. కుప్పం 12 మందికి మొత్తం 900 వెనక్కి, డబ్బా వాళ్లే ఉంచుకోవచ్చు: 10,800 రూపాయలు. పుంగనూరు 14 మందికి తలా 200: 2,800. మదనపల్లె 22 మందికి డెలివరీకి తీసుకున్న 50 వెనక్కి: 1,100. మొత్తం 14,700. వచ్చిన డబ్బు 43,200. బియ్యం, బెల్లం, నూనె, నెయ్యి, సాయానికి వచ్చినవాళ్ల కూలి తీసేస్తే ఈ పండగకి లాభం దాదాపు పోయినట్టే. బాధగానే ఉంటుంది. కానీ ఈ లెక్క పోస్ట్‌కి ముందే వేసుకోవాలి. "అందరికీ ఫుల్ రిఫండ్" అని ఆవేశంలో రాసేసి, తర్వాత చేతిలో డబ్బు లేక వాయిదా వేస్తే, అది రెండో ఆలస్యం. మొదటిదాన్ని క్షమించినవాళ్లు కూడా రెండోదాన్ని క్షమించరు.

ఇది నా ఊహ మాత్రమే కాదు. ఉబర్ కంపెనీ డేటా మీద జాన్ లిస్ట్ అనే ఆర్థికవేత్త, ఇంకొందరు కలిసి ఒక పెద్ద ప్రయోగం చేశారు. క్యాబ్ బాగా లేటయిన దాదాపు 15 లక్షల మంది ప్రయాణికుల్ని గుంపులుగా విడగొట్టి, కొందరికి ఏమీ పంపలేదు, కొందరికి రకరకాల సారీ ఈమెయిల్స్ పంపారు, కొందరికి సారీతో పాటు ఐదు డాలర్ల కూపన్ ఇచ్చారు. ఏం తేలింది? ఒట్టి మాటల సారీ వల్ల వాళ్లు మళ్లీ ఎక్కువగా ఉబర్ ఎక్కింది పెద్దగా లేదు. డబ్బు కలిసినప్పుడు తేడా వచ్చింది. ఇంకోటి కూడా తేలింది: మళ్లీ మళ్లీ లేటయి, మళ్లీ మళ్లీ సారీ వస్తుంటే, సారీ చెప్పకపోవడం కంటే అదే ఎక్కువ చెడగొట్టింది. ఎందుకంటే సారీ అంటే "ఇకపై ఇలా జరగదు" అనే మాట ఇచ్చినట్టు. ఆ మాట తప్పితే లెక్క మారిపోతుంది.

"మరి అక్కడ కూపన్ పని చేసింది కదా, మనమూ డిస్కౌంట్ ఇస్తే సరిపోదా?" అని మీకు అనిపించొచ్చు. తేడా ఇక్కడే ఉంది. క్యాబ్ ఎక్కేవాళ్లు రేపో ఎల్లుండో మళ్లీ ఎక్కుతారు, కూపన్ అంటే వాళ్లకి దాదాపు డబ్బే. సంక్రాంతి డబ్బా కొన్నామె మళ్లీ కొంటే ఉగాదికో, వచ్చే సంక్రాంతికో. అప్పటిదాకా మీ డిస్కౌంట్ ఆమె చేతిలో ఏమీ కాదు. పైగా "మళ్లీ నా దగ్గరే కొంటేనే నీ నష్టం తీరుస్తా" అన్నట్టు వినిపిస్తుంది. ముందు ఆమె డబ్బు ఆమెకి పంపండి. తర్వాత కావాలంటే డిస్కౌంట్ మాట.

చేతిలో 14,700 లేకపోతే? శనివారానికి 11,000 మాత్రమే ఉందనుకోండి. ఎక్కువ నష్టపోయినవాళ్లకి ముందు: కుప్పం వాళ్లకి 10,800 ఆ రోజే. మిగతా రెండు ఊళ్లకి కలిపి 3,900 సోమవారం సాయంత్రానికి. ఆ రోజు, ఆ సమయం పోస్ట్‌లో రాయండి. "త్వరలో" అని రాయొద్దు.

ఇప్పుడు కారణం ఎలా చెప్పాలి. "అనివార్య కారణాలు" అంటే ఎవరూ నమ్మరు. అలాగని కరెంటు, మిల్లు, కొరియర్, సెలవులు, ఇంట్లో జ్వరం అని పది లైన్లు రాస్తే సాకుల లిస్టులా ఉంటుంది. ఒక్క వాక్యంలో జరిగింది, ఇంకో వాక్యంలో మీ చేతిలో ఉండి మీరు చేయనిది. మన కేసులో కరెంటు పోవడం ఆమె తప్పు కాదు. కానీ ఒక్క రోజు కూడా ఖాళీ పెట్టుకోకుండా 48 ఆర్డర్లు తీసుకున్నది ఆమే. సోమవారం తెలిసి చెప్పనిదీ ఆమే. ఈ రెండూ రాయాలి.

2016లో అమెరికాలో ఒహాయో స్టేట్ యూనివర్సిటీ ప్రొఫెసర్ రాయ్ లెవిక్కీ, ఆయన తోటివాళ్లు సారీలో ఉండే ఆరు భాగాల్ని విడదీసి చూశారు: బాధపడటం, ఏం జరిగిందో చెప్పడం, తప్పు నాదే అని ఒప్పుకోవడం, ఇకపై చేయనని చెప్పడం, నష్టం తీరుస్తాననడం, క్షమించమని అడగడం. జనం అన్నింటికంటే ఎక్కువ విలువ ఇచ్చింది తప్పు ఒప్పుకోవడానికి. తర్వాత నష్టం తీర్చడానికి. అన్నింటికంటే తక్కువ క్షమించమని అడగడానికి. మన పోస్టులు సరిగ్గా తలకిందులుగా ఉంటాయి. క్షమించండి అని మూడుసార్లు, తప్పు నాది అని ఒక్కసారీ ఉండదు.

ఇవన్నీ కలిపి మన మదనపల్లె ఆమె పోస్ట్ ఇలా రాయొచ్చు:

"సంక్రాంతి డబ్బాలు 48 మందికీ చెప్పిన టైముకి అందలేదు. కుప్పం వాళ్లకి 900 మొత్తం ఈ రోజు వెనక్కి పంపాను. పుంగనూరు వాళ్లకి 200, మదనపల్లె వాళ్లకి డెలివరీ 50, సోమవారం సాయంత్రం 6 లోపు వస్తాయి.

కుప్పంలో ఈ రోజు డబ్బా అందినవాళ్లు దయచేసి ఓళిగలు తినకండి, పారేయండి. అత్తిరసాలు, నిప్పట్లు వాసన చూసి, బాగుంటేనే తినండి. డబ్బా వెనక్కి పంపాల్సిన పని లేదు.

ఆదివారం మిల్లులో కరెంటు పోయి నానిన బియ్యం పాడయ్యాయి. కానీ ఒక్క రోజు కూడా తేడా పెట్టుకోకుండా ఇన్ని ఆర్డర్లు తీసుకున్నది నేను. సోమవారమే తెలిసి మీకు చెప్పలేదు, అది ఇంకా పెద్ద తప్పు. మీ ఇంట్లో పండగ పళ్లెంలో నా వల్ల లోటు వచ్చింది. సారీ.

ఉగాదికి 30 ఆర్డర్లే తీసుకుంటాను. కుప్పం ఆర్డర్లు పండగకి ఆరు రోజుల ముందు ఆపేస్తాను, కుప్పానికి ఓళిగలు పంపను. లేటయ్యేలా ఉంటే ఆ రోజే ఫోన్ చేస్తాను.

డబ్బు మీరు కట్టిన నంబర్‌కే వస్తుంది. నేను లింకు పంపను, క్యూఆర్ పంపను, పిన్ అడగను. రాకపోతే ఎప్పుడూ ఆర్డర్ పెట్టే నంబర్‌కే ఫోన్ చేయండి."

చూశారా, "మా విలువైన కస్టమర్లు" లేదు, బాధ గురించి పేరాలు లేవు. మొదటి రెండు లైన్లలోనే డబ్బు, తేదీ వచ్చేశాయి. అది కావాలని పెట్టిందే. ఇన్‌స్టాగ్రామ్‌లో క్యాప్షన్ మొదటి లైను, రెండు లైన్లే కనిపిస్తాయి, మిగతాది నొక్కితేనే. ఆ రెండు లైన్లు "ప్రియమైన కస్టమర్లకు" అని పోతే, అసలు విషయం చాలామంది చూడరు.

ఇంకో సంగతి. ఉగాది గురించి రాసిన లైను "ఇకపై జాగ్రత్తగా ఉంటాం" అన్నట్టు లేదు. 30, ఆరు రోజులు, ఓళిగలు లేవు. ఇవి ఎవరైనా పట్టుకుని అడగగలిగిన మాటలు. 31వ ఆర్డర్ తీసుకుంటే దొరికిపోతుంది. అందుకే నమ్మకం వస్తుంది. మీరు నిలబెట్టుకోలేని నంబర్ మాత్రం రాయొద్దు.

చివరి పేరా ఎందుకంటే, పబ్లిక్‌గా రిఫండ్ అని పోస్ట్ పెడితే మోసగాళ్లు కూడా చదువుతారు. కింద కామెంట్ పెట్టినవాళ్లకి మీ పేరుతో మెసేజ్ చేసి, "రిఫండ్ కోసం ఈ క్యూఆర్ స్కాన్ చేయండి, పిన్ కొట్టండి" అంటారు. యూపీఐలో డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు, పోవడానికే కావాలి. అదే కారణంతో, "వీళ్లందరికీ పంపేశాను" అని పేర్లు, ఫోన్ నంబర్లు ఉన్న ఆర్డర్ లిస్ట్ స్క్రీన్‌షాట్ ఎప్పుడూ పెట్టకండి.

ఇప్పుడు ఈ పోస్ట్ ఎవరికి చేరుతుంది? వాట్సాప్ స్టేటస్ 24 గంటల్లో పోతుంది. బ్రాడ్‌కాస్ట్ లిస్టులో పంపితే, మీ నంబర్ ఫోన్‌లో సేవ్ చేసుకున్నవాళ్లకే వెళ్తుంది. ఒకసారి ఆర్డర్ పెట్టి నంబర్ సేవ్ చేసుకోని కుప్పం అక్కకి మీ సారీ అసలు చేరదు, మీకు చేరిందనే అనిపిస్తుంది. అందుకే కుప్పం 12 మందికి ఫోన్. పుంగనూరు 14 మందికి విడివిడిగా మెసేజ్, పేరు పెట్టి. ఇవి అయిపోయాకే పబ్లిక్ పోస్ట్. నష్టపోయినవాళ్లు ఊరందరితో పాటు స్టేటస్‌లో చూసి తెలుసుకోకూడదు. పంపే ముందు అంకెలు ఇంకొకరితో చదివించండి. వాట్సాప్‌లో పంపిన మెసేజ్‌ని 15 నిమిషాల దాకానే మార్చగలం, మార్చినట్టు అక్కడే కనిపిస్తుంది కూడా. 200 అని రాసి తర్వాత 100 చేస్తే, స్క్రీన్‌షాట్ ఎవరో ఒకరి దగ్గర ఉంటుంది.

కామెంట్లలో ఒకామె రాస్తుంది: "ఏందక్కా, మా అత్తగారి ముందు పరువు పోయింది." దాన్ని డిలీట్ చేయకండి, వివరణా ఇవ్వకండి. "నిజమే అక్కా, తప్పు నాది. మీ 900 ఈ రోజు పంపాను, అందిందో లేదో చూసి చెప్పండి" అంటే చాలు. పక్కన చదివే మిగతా 47 మందికి పోస్ట్ కంటే ఆ జవాబే ఎక్కువ చెప్తుంది. బాగా తెలిసినవాళ్లతో "పర్లేదక్కా, మీ చేతి వంట సూపర్" అని కామెంట్లు పెట్టించకండి. మదనపల్లె, పుంగనూరు లాంటి ఊళ్లలో ఎవరు ఎవరి చుట్టమో అందరికీ తెలుసు.

మరి ఇది పని చేసిందో లేదో ఎలా తెలుస్తుంది? లైకులు చూడొద్దు. డబ్బు అందిందని చెప్పినవాళ్లు ఎంతమందో లెక్కపెట్టండి. తిట్టినవాళ్లు ఇంకా మీతో మాట్లాడుతున్నవాళ్లే. ఏమీ అననివాళ్లే వెళ్లిపోయేవాళ్లు. కుప్పంలో 12 మందిలో నలుగురు మాట్లాడకపోతే ఆ నలుగురికి ఇంకోసారి ఫోన్ చేసి డబ్బు అందిందా అని మాత్రం అడగండి, ఆర్డర్ మాట ఎత్తొద్దు. అసలు లెక్క ఉగాదికి తేలుతుంది: ఈ 48 మందిలో ఎంతమంది మళ్లీ పెట్టారు అని.

అందరూ తిరిగి రారు. పండగ రోజు పోయింది, దాన్ని ఎంత మంచి పోస్టూ వెనక్కి తేలేదు. కొందరు 900 తీసుకుని ఇంకొకరి దగ్గరికి పోతారు, అది వాళ్ల హక్కు. వాళ్లని బతిమాలుతూ రెండో సారీ, మూడో సారీ పెట్టకండి. ఒకసారి సరిగ్గా చెప్పి, సోమవారం సాయంత్రం ఆరు అని రాస్తే ఆరులోపు డబ్బు పంపండి. ఆ తర్వాత మీ తరఫున మాట్లాడాల్సింది ఉగాది డబ్బా, అదీ చెప్పిన రోజుకి.

మీ ఇంట్లో ఇలాంటి ఆర్డర్లు తీసుకుంటుంటే, మీరు రాసిన మెసేజ్ కామెంట్లలో పెట్టండి, పేర్లు, నంబర్లు తీసేసి. కలిసి చూద్దాం. ఉంటాను.